కెమెరా కొత్తదైతే ఫోటో పరాయిదవుతుందా?

కొత్త కెమెరా కొన్న ప్రతివాడికీ ఒక శుభముహూర్తాన ఎదురయ్యే అనుభవం ఇది. కార్డు పెట్టి కాపీ చేస్తాం, ఫోటోషాప్‌లోకి లాగుతాం, అది "ఈ ఫైలేంటో నాకు తెలీదు" అన్నట్టు ఒక పెట్టె చూపించి ఊరుకుంటుంది. అదే ఫోటో కెమెరా వెనక తెరమీద చక్కగా కనిపిస్తోంది. అదే కార్డులో ఉన్న జేపెగ్ బ్రహ్మాండంగా తెరుచుకుంటోంది. ఒక్క రా ఫైలే మొండికేస్తోంది.

ఇలాంటప్పుడు మనవాళ్ళు ఇచ్చే సలహాలు రెండు. ఒకటి, సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ చేసుకో. రెండు, రా ఎందుకు, జేపెగ్‌లో తీసుకో పో. రెండూ సమస్యని దాటేసే సలహాలే. మూడో దారి ఒకటుంది. ఆ ఫైల్ని డీఎన్‌జీ అనే బహిరంగ ఫార్మాట్‌లోకి మార్చుకోవడం. ఈ దారి చాలామందికి తెలుసు, కానీ అది ఎందుకు పనిచేస్తుందో తెలిసినవాళ్ళు తక్కువ. కారణం తెలిస్తే తప్పు ఎవరిదో కూడా తెలిసిపోతుంది. అందుకే ఈ టపా.

ముందు రా ఫైల్లో ఏముంటుందో చూద్దాం. సెన్సర్ మీద ఒక్కో చుక్క ముందూ ఎరుపో, ఆకుపచ్చో, నీలమో ఒక్క రంగు అద్దం మాత్రమే ఉంటుంది. కాబట్టి 24 మెగాపిక్సెల్ కెమెరా అంటే 2 కోట్ల 40 లక్షల అంకెలు, అంతే. ఇంకా ఫోటో కాదు. దాన్ని ఫోటో చెయ్యాలంటే సాఫ్ట్‌వేర్‌కి మరికొన్ని సంగతులు తెలియాలి. ఏ చుక్క ముందు ఏ రంగు అద్దం ఉంది? నలుపు అంటే ఏ అంకె దగ్గర మొదలు? తెలుపు ఏ అంకె దగ్గర ఆగిపోతుంది? ఈ సెన్సర్ చూసే "ఎరుపు" మన కంటి లెక్కలో ఎంత ఎరుపు? ఈ ఆఖరి ప్రశ్నకి జవాబు ఒక చిన్న మాట్రిక్స్, తొమ్మిది అంకెలు.

ఇప్పుడు అసలు సంగతి. చాలా కంపెనీల రా ఫైళ్ళలో ఈ సంగతులన్నీ అందరూ చదవగలిగే రూపంలో ఉండవు. మరి సాఫ్ట్‌వేర్లకి ఎలా తెలుస్తాయి? ఒక్కో కెమెరా పేరు పక్కన ఆ అంకెలు రాసి పెట్టుకుంటాయి. మనం ప్రోగ్రామర్లం కాబట్టి కోడే చూద్దాం. డేవ్ కాఫిన్ అనే ఆయన 1997 నుంచి రాసిన డీసీరా అనే ఉచిత ప్రోగ్రాం ఉంది. ఎన్నో రా సాఫ్ట్‌వేర్లకి అదే మూలం. అందులో ఒక పెద్ద పట్టిక ఉంటుంది. దాంట్లో ఒక వరుస ఇది.

```
{ "Canon EOS 5D Mark II", 0, 0x3cf0,
  { 4716,603,-830,-7798,15474,2480,-1496,1937,6651 } },
```

మొదటిది కెమెరా పేరు. తర్వాతది నలుపు అంకె, ఇక్కడ సున్నా అంటే దాన్ని ఫైల్లోంచే లెక్కకట్టుకో అని. ఆ తర్వాత 0x3cf0, అంటే 15600, అక్కడ తెలుపు ఆగిపోతుంది. చివర ఆ తొమ్మిది అంకెలు. చూశారుగా, హార్డ్‌కోడ్ చేసిన లుకప్ టేబుల్! మన ఆఫీసులో ఎవడైనా ఇలా రాస్తే కోడ్ రివ్యూలో చీల్చి చెండాడతాం. కానీ ఇక్కడ తప్పు రాసినాయనది కాదు. ఫైల్లో ఉండాల్సిన సమాచారం ఫైల్లో లేకపోతే ఆయన మాత్రం ఏం చేస్తాడు?

కాబట్టి "కొత్త కెమెరాని గుర్తుపట్టలేదు" అనే ఒకే లక్షణం వెనక రెండు వేరువేరు జబ్బులుంటాయి. మొదటిది చిన్నది. ఫైల్ కట్టుబడి పాతదే, కానీ పట్టికలో ఈ కెమెరా పేరు లేదు. ఒక్క వరుస చేరిస్తే సరిపోతుంది. రెండోది పెద్దది. ఫైల్ కట్టుబడీ, అంకెల్ని కుదించే పద్ధతీ మారిపోయాయి. అప్పుడు కొత్త కోడే రాయాలి.

రెండో జబ్బుకి మంచి ఉదాహరణ కానన్ ఈఓఎస్ ఎం50. 2018లో వచ్చింది. అంతకుముందు కానన్ రా ఫైళ్ళు సీఆర్2. అవి టిఫ్ ఆధారంగా కట్టినవి. ఎం50తో సీఆర్3 మొదలైంది. ఇది టిఫ్ కుటుంబం కాదు, ఎంపీ4 వీడియో ఫైళ్ళ కుటుంబం. నమ్మకపోతే మొదటి పన్నెండు బైట్లు చూడండి.

```
$ xxd -l 12 IMG_0412.CR3
00000000: 0000 0018 6674 7970 6372 7820    ....ftypcrx
```

ఆ ftyp అన్నది ఎంపీ4 ఫైళ్ళలో కనిపించే ముద్రే. సీఆర్2 చదివే ప్రోగ్రాంకి ఇది చూపిస్తే, తెలుగు పుస్తకం అనుకుని తెరిచినవాడికి కన్నడ లిపి కనిపించినట్టు ఉంటుంది. గుండ్రంగా మన అక్షరాల్లాగే ఉంటాయి గానీ చదవలేం.

ఈ ఒక్క మార్పుకి ఎంత కాలం పట్టిందో చూడండి. సీఆర్3 లోపల ఏముందో లోరాన్ క్లెవీ లాంటి వాళ్ళు ఫైల్‌ని విప్పి, బైట్లు లెక్కపెట్టి, రాసి పెట్టారు. లిబ్‌రా అనే లైబ్రరీకి ఆ మద్దతు 2020లో వచ్చింది. డార్క్‌టేబుల్‌కి 2021 డిసెంబర్‌లో, 3.8 వెర్షన్‌తో వచ్చింది. కెమెరా వచ్చింది 2018లో. అంటే డార్క్‌టేబుల్ వాడేవాడు మూడేళ్ళకి పైగా తన ఫోటోలు తను నేరుగా తెరవలేకపోయాడన్నమాట.

సరే, ఇదంతా బెంగుళూరులోనో హైదరాబాదులోనో కూర్చున్న మనకి సరదా కబుర్లు. మా ఉరవకొండకి రండి. ఇక్కడ పెళ్ళిళ్ళ ఫోటోలు తీసే స్టూడియో ఒకటి ఊహించుకుందాం. కంప్యూటర్లో ఫోటోషాప్ సీఎస్6 ఉంది. ఆల్బం డిజైన్లు, టెంప్లేట్లు, యాక్షన్లు అన్నీ దానిమీదే పదేళ్ళుగా తయారయ్యాయి. ఆ అన్న ఒక ఎం50 కొన్నాడు. పెన్నహోబిలంలో పెళ్ళి. మధ్యాహ్నం ఎండ, తెల్లటి షామియానా, దాని కింద పెళ్ళికూతురు, ఒంటిమీద ఎర్ర పట్టుచీర, జరీ అంచు. మా అనంతపురం ఎండ సంగతి తెలిసినవాళ్ళకి చెప్పక్కర్లేదు, జేపెగ్‌లో అయితే జరీ తెల్లగా కాలిపోతుంది, మొహం నల్లగా మిగులుతుంది. ఆ రెండింటినీ వెనక్కి తేవడానికే రా తీసేది. కాబట్టి "జేపెగ్‌లో తీసుకో" అనే సలహా ఇక్కడ పనికిరాదు.

"అప్‌డేట్ చేసుకో" అనేదీ కుదరదు. సీఎస్6 వచ్చింది 2012లో. దానికి రా ఫైళ్ళు చదివిపెట్టే భాగం పేరు కెమెరా రా. సీఎస్6 కోసం వచ్చిన చివరి కెమెరా రా 9.1.1, అది 2015లో ఆగిపోయింది. ఆ తర్వాత వచ్చిన కెమెరాల పేర్లు ఆ పట్టికలోకి ఎప్పటికీ చేరవు. కొత్త ఫోటోషాప్ కావాలంటే నెలనెలా చందా, దానికి తగ్గ కొత్త కంప్యూటర్. కొనగలిగినవాళ్ళు కొనుక్కోవచ్చు, తప్పులేదు. కానీ ఫోటోలు తెరవడం కోసమే కొనాల్సిన అవసరం లేదు.

ఎందుకంటే అదే సీఎస్6 డీఎన్‌జీ చదవగలదు. డీఎన్‌జీని అడోబీ 2004లో విడుదల చేసింది. స్పెసిఫికేషన్ అందరికీ అందుబాటులో ఉంది, వాడుకోవడానికి రాయల్టీ లేదు. ఇది టిఫ్ ఆధారంగా కట్టింది. దీని కిటుకు ఒక్కటే. పట్టికలో ఉండాల్సిన ఆ వరుసని ఫైల్లోనే పెట్టెయ్యడం. నలుపు అంకె `BlackLevel` అనే ట్యాగులో, తెలుపు `WhiteLevel`లో, ఆ తొమ్మిది అంకెలు `ColorMatrix1`లో ఉంటాయి. చదివే ప్రోగ్రాంకి కెమెరా పేరు తెలియాల్సిన పనే లేదు. అందుకే 2015లో ఆగిపోయిన ప్రోగ్రాం 2018 కెమెరా ఫోటోని తెరుస్తుంది. మాయా లేదు, మంత్రం లేదు, తన వివరం తనే మోసుకెళ్ళే ఫైల్ అంతే.

మార్చే పద్ధతి. అడోబీ డీఎన్‌జీ కన్వర్టర్ ఉచితం, విండోస్‌కీ మ్యాక్‌కీ దొరుకుతుంది. కన్వర్టర్ మాత్రం కెమెరా కన్నా కొత్తదై ఉండాలి, ఎందుకంటే ఆ పట్టిక ఇప్పుడు దాని లోపల ఉంది. ప్రిఫరెన్సెస్‌లోకి వెళ్ళి కంపాటిబిలిటీ దగ్గర `Camera Raw 7.1 and later` ఎంచుకోవాలి. సీఎస్6 మొదలైంది కెమెరా రా 7తోనే, చివరి అప్‌డేట్లు వేసుకుంటే 7.1 దాటిపోతుంది కాబట్టి ఇది సరిపోతుంది. ఈ సెట్టింగ్ మరిచిపోతే కన్వర్టర్ కొత్త రకం డీఎన్‌జీ రాసే అవకాశం ఉంది, అది మళ్ళీ సీఎస్6లో తెరుచుకోకపోవచ్చు. "డీఎన్‌జీ కూడా పనిచెయ్యలేదండీ" అనేవాళ్ళని మొదట అడగాల్సిన ప్రశ్న ఇదే.

కమాండ్ లైన్ ఇష్టమైతే ఇలా.

```
"C:\Program Files\Adobe\Adobe DNG Converter\Adobe DNG Converter.exe" -c -p1 -cr7.1 -d "D:\dng" "D:\pelli\IMG_0412.CR3"
```

ఇందులో -c అంటే నష్టం లేని కుదింపు, -p1 అంటే మధ్యరకం ప్రివ్యూ, -d అంటే ఫలితం ఎక్కడ పెట్టాలో. విండోలోనే చెయ్యాలంటే ఫైళ్ళు కాదు, ఫోల్డర్ ఎంచుకోవాలి. ఎంచుకునేటప్పుడు ఫోల్డర్ ఖాళీగా కనిపిస్తే కంగారు పడొద్దు, అది ఫోల్డర్లనే చూపిస్తుంది. ఎంచుకున్నాక కూడా రా ఫైళ్ళు లేవని చెబితే కారణం రెండిట్లో ఒకటి. ఫోటోలు లోపలి ఫోల్డర్‌లో ఉన్నా సబ్‌ఫోల్డర్ల టిక్కు పెట్టలేదు, లేదా కన్వర్టర్ కెమెరా కన్నా పాతది.

ఇంకో చిక్కుంది. ఇప్పటి కన్వర్టర్ విండోస్ 7 మీద ఎక్కదు. ఊళ్ళో స్టూడియోల్లో ఇంకా అదే ఉంటే, ఇంట్లో ఉన్న ఇంకో కొత్త లాప్‌టాప్‌లో మార్చి, డీఎన్‌జీలు తెచ్చుకుంటే సరి. మార్పిడి ఒక మిషన్లో, ఎడిటింగ్ ఇంకో మిషన్లో. ఏ ఇబ్బందీ లేదు.

మార్చాక పని అయిపోయిందనుకోకూడదు. ముందు లెక్క చూసుకోవాలి, 1200 సీఆర్3లు ఉంటే 1200 డీఎన్‌జీలు రావాలి. తర్వాత ఒకదాన్ని ఎక్సిఫ్‌టూల్‌తో విప్పి చూడాలి.

```
exiftool -Model -DNGBackwardVersion -BlackLevel -WhiteLevel -ColorMatrix1 IMG_0412.dng
```

`DNGBackwardVersion` అంటే ఈ ఫైల్ చదవాలంటే కనీసం ఏ డీఎన్‌జీ వెర్షన్ తెలిసి ఉండాలో చెప్పే అంకె. ఏపీఐలకి మనం రాసుకునే మినిమం వెర్షన్ లాంటిదే. ఫైల్ ఎందుకు తెరుచుకోలేదో దీన్ని చూస్తే అర్థమైపోతుంది.

ఇక్కడ నెట్‌లో తిరిగే ఒక చిట్కా గురించి హెచ్చరిక. పట్టికలో కెమెరా పేరు లేకపోవడమే సమస్య అయితే, ఎక్సిఫ్‌టూల్‌తో ఫైల్లో కెమెరా పేరు మార్చి పాత మోడల్ పేరు పెట్టెయ్యి అంటారు. మొదటి రకం జబ్బుకి కొన్నిసార్లు పనిచేస్తుంది, ఫైల్ తెరుచుకుంటుంది. కానీ సాఫ్ట్‌వేర్ ఇప్పుడు వేరే సెన్సర్ అంకెలు వాడుతోంది. తెలుపు అంకె సరిపోకపోతే కాలిపోయిన చోట్లు, అంటే మన షామియానా, తెల్లగా కాకుండా గులాబీ రంగులోకి తిరుగుతాయి. నలుపు అంకె సరిపోకపోతే నీడల్లో ఊదారంగు కమ్ముకుంటుంది. మాట్రిక్స్ తప్పితే పట్టుచీర ఎరుపు ఇటుక ఎరుపవుతుంది. ఆ చీర నేసినాయన ఉరవకొండలోనే ఉండొచ్చు, చూస్తే ఊరుకోడు :) సీఆర్3 లాంటి రెండో రకం జబ్బుకైతే ఈ చిట్కా అసలు పనిచెయ్యదు. పేరు మారిస్తే లిపి మారదు కదా.

కన్వర్టర్లో ముట్టుకోకూడని టిక్కులు కూడా రెండున్నాయి. లీనియర్ అన్నది పెడితే ఒక్కో చుక్కకి ఒక అంకె పోయి మూడు అంకెలొస్తాయి. ఫైల్ ఉబ్బుతుంది, సెన్సర్ ఇచ్చిన అసలు అంకెలు పోతాయి. లాసీ అన్నది పెడితే ఫైల్ చిన్నదవుతుంది, కానీ పోయిన వివరం తిరిగి రాదు. రెండూ వదిలెయ్యండి.

అన్నిటికన్నా పెద్ద ప్రశ్న, మార్చాక సీఆర్3లు తీసెయ్యొచ్చా? నా మటుకు నేను తీసెయ్యొద్దంటాను. కానన్ వాళ్ళ సొంత సాఫ్ట్‌వేర్ ఈ డీఎన్‌జీని తెరవదు. కన్వర్టర్‌కి అర్థంకాని, కంపెనీకి మాత్రమే తెలిసిన సంగతులు అసలు ఫైల్లో ఉండొచ్చు. అసలు ఫైల్‌ని డీఎన్‌జీ లోపలే దాచే వీలుంది గానీ సైజు దాదాపు రెట్టింపవుతుంది. ఒక్కోటి 30 ఎంబీ అనుకుంటే 1200 ఫోటోలు 36 జీబీ. డీఎన్‌జీలు ఇంకో అంత. విడిగా ఒక హార్డ్‌డిస్క్‌లో అసలువి పడేస్తే పోలా. పనికి డీఎన్‌జీ, భద్రానికి అసలు ఫైల్.

ఇప్పుడు మొదట అడిగిన ప్రశ్నకొద్దాం. తప్పు ఎవరిది?

ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ వాడిదని నేననుకోను. పాత ప్రోగ్రాంకి జీవితాంతం ఉచితంగా పని చెయ్యమని అడగలేం. లోపం ఫైల్ తయారుచేసిన చోట ఉంది. నలుపు, తెలుపు, తొమ్మిది అంకెలు. వీటిని అందరూ చదివే చోట రాయడానికి కెమెరా కంపెనీకి అయ్యే ఖర్చు కొన్ని బైట్లు. రాయలేకపోవడం కాదు, రాయకపోవడం. 2005లో ఇంకా ముందుకెళ్ళారు. నికాన్ డీ2ఎక్స్ కెమెరా తన ఫైళ్ళలో వైట్ బ్యాలెన్స్ సమాచారాన్ని ఎన్‌క్రిప్ట్ చేసి రాస్తోందని ఫోటోషాప్ సృష్టికర్తల్లో ఒకరైన థామస్ నోల్ బయటపెట్టారు. డేవ్ కాఫిన్ దాన్ని విప్పేశాడు, అది వేరే సంగతి. కానీ ఆలోచించండి, ఫోటో తీసింది నేను, ఆ వెలుతురు మా ఊరిది, దాని లెక్క నాకే తెలియకుండా దాచడమేంటి?

చెయ్యడం కుదరదంటే ఒప్పుకోను. పెంటాక్స్ 2006లో కే10డీ కెమెరాలోనే నేరుగా డీఎన్‌జీ రాసే వీలిచ్చింది. లైకా ఎం8 కూడా అదే ఏడాది డీఎన్‌జీతోనే వచ్చింది. ఆండ్రాయిడ్ 2014లో వచ్చిన 5.0 నుంచి రా అంటే డీఎన్‌జీయే. అంటే జేబులో ఫోను చేసే పని, దానికన్నా ఎంతో ఖరీదైన కెమెరా చెయ్యనంటోంది.

కంపెనీల తరఫున ఒక మాట ఉంది, అది న్యాయమైనదే. కొత్త కుదింపు పద్ధతులతో ఫైళ్ళు చిన్నవవుతాయి, వేగం పెరుగుతుంది, పాత ఫార్మాట్ పట్టుకుని వేలాడితే ఎలా అంటారు. సరే, మార్చుకోండి. కానీ మార్చినప్పుడు దాన్ని ఎలా చదవాలో ఒక కాగితం రాసి బయటపెట్టండి. మూడేళ్ళు వేరేవాళ్ళు బైట్లు లెక్కపెట్టుకునే పరిస్థితి తేకండి.

డీఎన్‌జీ మీద కూడా ఒక ఆక్షేపణ ఉంది, అదీ నిజమే. ఫార్మాట్ బహిరంగమే గానీ అందరూ వాడే కన్వర్టర్ ఒక్క కంపెనీది, దాని కోడ్ మూసి ఉంది. దీని లోతు తెలియాలంటే డీసీరా కోడ్‌లో ఆ పట్టిక ఉన్న ఫంక్షన్ పేరు చూడండి, `adobe_coeff`. వేరే చెప్పని చోటల్లా ఆ మాట్రిక్సులు డీఎన్‌జీ కన్వర్టర్ నుంచే తీసుకున్నామని పైన కామెంట్ రాసుంటుంది. అంటే ఉచిత సాఫ్ట్‌వేర్లు చూపించే రంగులు కూడా చాలావరకు అక్కడి నుంచి వచ్చినవే. కెమెరా కంపెనీ చెప్పాల్సిన మాట మూడోవాడు కొలిచి చెబితే లోకమంతా దాన్ని వాడుకుంటోంది. ఆ మూడోవాడు రేపు మానేస్తే? అందుకే డీఎన్‌జీల్యాబ్ లాంటి ఓపెన్ సోర్స్ కన్వర్టర్లు ముఖ్యం. అది లైనక్స్ మీద కూడా నడుస్తుంది, సీఆర్3ని మారుస్తుంది.

```
dnglab convert IMG_0412.CR3 IMG_0412.dng
```

కాబట్టి నేననేది ఇది. కెమెరా కొనేముందు మెగాపిక్సెళ్ళు అడిగినట్టే, "దీని రా ఫైల్ నా దగ్గరున్న సాఫ్ట్‌వేర్ తెరుస్తుందా, తెరవకపోతే కన్వర్టర్ జాబితాలో ఇది ఉందా" అని కూడా అడగండి. కెమెరా మార్కెట్లోకి వచ్చిన మొదటి వారాల్లో జవాబు లేదనే రావొచ్చు. అప్పుడు చేతిలో పెళ్ళి ఒప్పుకుని ఉంటే రా, జేపెగ్ రెండూ కలిపి తియ్యండి. జేపెగ్‌తో ఆ రోజు గడుస్తుంది, కన్వర్టర్ వచ్చాక రా పనికొస్తుంది. రా ఫైల్ చెడిపోదు, చదివేవాడి కోసం కాచుక్కూర్చుంటుంది అంతే.

మన వృత్తిలో డేటా ఫార్మాట్ దాచిపెట్టి కస్టమర్‌ని కట్టిపడేస్తే దానికి వెండర్ లాకిన్ అని పేరు పెట్టి తిట్టుకుంటాం. అదే పని కెమెరా చేస్తే "కొత్త మోడల్ కదా, టైం పడుతుంది" అని సర్దుకుపోతున్నాం. ఈ తేడా నాకైతే మింగుడుపడటం లేదు. మీరేమంటారు?